ఎకరాకా, హెక్టారుకా? రొయ్య రైతుల సదస్సు నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

నెల్లూరులో మొన్న రొయ్య రైతుల సదస్సు జరిపిన కమిటీ పెద్దలకు,

నమస్కారం. మీ సదస్సుకు నేను రైతుగా రాలేదు. విడవలూరు మండలంలో మూడెకరాల రొయ్యల గుంట చేసే మా తమ్ముడికి తోడుగా వచ్చాను. నా పని దుబాసీ పని. ఒకరు ఇంగ్లిష్‌లో మాట్లాడుతుంటే పక్కనుంచి అదే సమయంలో తెలుగులో చెప్పడం, అప్పుడప్పుడూ కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు చెప్పింది విని మార్కులు వేయడం. అందుకే ఆ రోజు ఒక చెవికి మీరిచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవిని హాలుకు వదిలేసి కూర్చున్నాను. ఎవరైనా రికార్డు చేసుకోవచ్చని మీరే మైకులో చెప్పారు కాబట్టి నా ఫోన్‌లో హాలు స్పీకర్ శబ్దం, తమ్ముడి ఫోన్‌లో హెడ్‌ఫోన్ శబ్దం, రెండూ రికార్డు చేశాను.

సాయంత్రం అందరికీ పంచిన కాగితంలో తెలుగు గురించి మీరు అడిగింది ఒక్కటే ప్రశ్న: "తెలుగు అనువాదం ఎలా ఉంది?" చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు. నాలుగు గడులు. వాటిని లెక్కపెట్టి, పొద్దున తెలుగులో చెప్పిన దుబాసీకి జ్ఞాపిక ఇచ్చి వచ్చే సదస్సుకు కూడా ఖాయం చేశారు. మధ్యాహ్నం చెప్పిన అమ్మాయిని ఇక పిలవకూడదని అనుకున్నట్టు తెలిసింది. ఆ నిర్ణయం తప్పని చెప్పడానికే ఈ లేఖ. అభిప్రాయంగా చెబితే మీరు వినక్కర్లేదు. అందుకని రికార్డింగులో ఉన్నదే ముందు పెడతాను.

పొద్దున రొయ్యలకు వచ్చే ఈహెచ్‌పీ జబ్బు గురించి మాట్లాడిన విదేశీ నిపుణుడు, తర్వాతి పంటకు గుంటను ఎలా తయారు చేయాలో చెప్పాడు. ఆయన ఇంగ్లిష్‌లో చెప్పిన సారం ఇది. గుంట అడుగు పూర్తిగా ఎండాలి. హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేయాలి. దాన్ని 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతుకు దున్ని మట్టిలో కలపాలి. ఆ తర్వాతే నేలను తడపాలి. పని సరిగా జరిగితే మట్టి పీహెచ్ 12 లేదా ఇంకా పైకి పోతుంది, ఒకట్రెండు రోజులు అక్కడ ఉంటుంది, తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నం మామూలు కార్బనేట్‌గా మారడంతో మళ్లీ కిందికి దిగుతుంది. 

అదే సమయంలో హెడ్‌ఫోన్లో వచ్చిన తెలుగు ఇది, అక్షరం మార్చకుండా: "మిత్రులారా, మీ చెరువులను చక్కగా సిద్ధం చేసుకోండి. ఎకరాకు ఆరు టన్నుల సున్నం చల్లి, బాగా దున్ని, తడిపారంటే, మట్టిలో దాగున్న ఆ బ్యాక్టీరియా సమూలంగా నశిస్తుంది."

గొంతు గంభీరంగా ఉంది. ఎక్కడా తడబాటు లేదు. "సమూలంగా నశిస్తుంది" అనగానే నా ముందు వరసలో ఇద్దరు తలలూపారు. పక్కన తమ్ముడు ఫోన్ తీసి లెక్క వేశాడు. "మూడెకరాలు, ఆరు టన్నులు... పద్దెనిమిది టన్నులక్కా. ఇంత సున్నం గుంట కాడికి ఎట్టా తోలేది?" అన్నాడు. అని ఊరుకోలేదు, భోజనాల టైమ్‌లో బయటికి పోయి తనకు మామూలుగా సున్నం వేసే షాపతనికి ఫోన్ చేశాడు. షాపతను ఏ సున్నం అని అడిగితే, "ఎప్పుడూ వేసేదే" అన్నాడు.

ఆ రెండు వాక్యాల్లో ఏం జరిగిందో నిదానంగా చూద్దాం. దుబాసీని కొలవడమంటే ఇలాంటి రెండు వాక్యాల దగ్గర ఆగి చూడటమే.

మొదటిది హెక్టారు ఎకరా అయింది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి నిపుణుడు చెప్పింది ఎకరాకు సుమారు 2.4 టన్నులు. తమ్ముడి మూడెకరాలకు 7.3 టన్నులు కావాల్సిన చోట 18 టన్నులు అయింది. అంకె కరెక్టుగానే వచ్చింది, కొలతే మారిపోయింది. మన జిల్లాలో ఎవరూ హెక్టార్లలో మాట్లాడరు, నోటికి ఎకరా దానంతట అదే వస్తుంది. అందుకే ఈ తప్పు ఎంత సహజమో అంత ప్రమాదం. వినేవాడికి "ఎకరా" అన్న మాటలో ఏ తేడా అనిపించదు.

రెండోది ఇంకా పెద్దది. నిపుణుడు చెప్పింది కాల్చిన సున్నం. కాల్షియం ఆక్సైడ్, నీళ్లు తగిలితే బుసబుసమని ఉడికేది. మన గుంటల కాడ "సున్నం" అంటే చాలామందికి కాల్షియం కార్బనేట్ పొడి బస్తా గుర్తొస్తుంది. ఆల్కలినిటీ కోసం పంట మధ్యలో వేసేది అదే. ఆ పొడి ఎంత వేసినా మట్టి పీహెచ్ 12కు పోదు. ఈహెచ్‌పీ స్పోర్లను, అంటే దాని విత్తనాల్లాంటి వాటిని, చంపడానికి కావాల్సింది ఆ పీహెచ్చే. అంటే మా తమ్ముడు కావాల్సిన దానికి రెండున్నర రెట్లు, అదీ పనికిరాని సరుకు కొని, గుంట శుద్ధి అయిందనుకుని రొయ్య సీడ్ దించేవాడు.

మూడోది, "పూర్తిగా ఎండాలి" అన్నది రాలేదు. నాలుగు, 12 సెంటీమీటర్లు రాలేదు, "బాగా దున్ని" అయింది. ఐదు, పీహెచ్ 12 అన్న మాటే రాలేదు. పని సరిగా జరిగిందో లేదో రైతు తనే చూసుకోగల ఒకే ఒక్క గుర్తు అది, చిన్న పీహెచ్ మీటరుతో తెలిసిపోయేది. ఆరు, నిపుణుడు అనని "సమూలంగా నశిస్తుంది" వచ్చి చేరింది. ఏడు, ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు. అది మైక్రోస్పోరిడియన్, బూజు జాతికి దగ్గరి చుట్టం, రొయ్య కాలేయంలాంటి అవయవం కణాల లోపల బతికే పరాన్నజీవి. దానికి మందు లేదు. బ్యాక్టీరియా అని విన్న రైతు ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా? యాంటీబయాటిక్ కోసం తిరుగుతాడు. వాటి అవశేషాలు దొరికి ఎగుమతి సరుకు వెనక్కి వచ్చిన బాధ ఈ తీరంలో అందరికీ తెలిసిందే.

ఇప్పుడు మధ్యాహ్నం. అల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు ప్రశ్నల సమయంలో లేచి, "పొద్దున చెప్పిన సున్నం సంగతి ఇంకోసారి చెప్పమనండి" అన్నాడు. నిపుణుడు దాదాపు అవే మాటలు మళ్లీ చెప్పాడు. ఒకే విషయం ఇద్దరు దుబాసీల నోట వినే అవకాశం మామూలుగా దొరకదు, మనకు దొరికింది. ఆ అమ్మాయి చెప్పింది ఇది: "గుంట... ముందు గుంట అడుగు పూర్తిగా ఎండాలి. ఎండాక, హెక్టారుకు, అంటే మన లెక్కలో రెండున్నర ఎకరాలకు, ఆరు టన్నులు, క్విక్ లైమ్. కాల్చిన సున్నం, నీళ్లు పోస్తే ఉడికేది, అది. పది పన్నెండు సెంటీమీటర్లు, జానెడు లోపు, దున్ని కలపాలి. కలిపాక తడపాలి. అప్పుడు మట్టి పీహెచ్ పన్నెండు దాటుతుంది... ఒకట్రెండు రోజులకు దిగిపోతుంది."

గొంతులో వణుకు ఉంది. రెండుచోట్ల ఆగింది. వాక్యాలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. కానీ నిపుణుడు చెప్పినవి ఎనిమిది విషయాలైతే (ఎండటం, సున్నం రకం, ఆరు టన్నులు, హెక్టారు, లోతు, తర్వాత తడపడం, పీహెచ్, అది మళ్లీ దిగడం) ఎనిమిదీ వచ్చాయి. కార్బన్ డయాక్సైడ్ కారణం ఒక్కటి వదిలేసింది. అది లేకపోయినా రైతు చేసే పని మారదు కాబట్టి నేను దానికి మార్కు తీయను. పొద్దునాయన ఎనిమిదిలో సరిగా అందించినవి రెండు, ఆరు అన్న అంకె, దున్నాక తడపడం.

హాల్లో చప్పట్లు ఎవరికి వచ్చాయో మీకు తెలుసు.

ఇది మన నెల్లూరు వాళ్ల అమాయకత్వం అనుకోకండి. స్పెయిన్‌లో గ్రనడా పరిశోధకురాలు ఆంఖెలా కొయాడోస్ ఆయిస్ 1998లో సరిగ్గా ఇదే పరీక్షించి చూశారు. ఒకే ప్రసంగానికి, విషయం కరెక్టుగా ఉండి గొంతు చప్పగా ఉన్న అనువాదం ఒకటి, గొంతు బాగుండి విషయంలో తప్పులున్నది ఇంకొకటి తయారుచేసి వినిపించారు. విన్నవాళ్లు తప్పులున్న దానికే ఎక్కువ మార్కులు వేశారు. వాళ్లేమీ చదువురాని వాళ్లు కాదు. మూలం తెలియనివాడి దగ్గర తప్పు పట్టుకునే సాధనం ఉండదు, గొంతు ఒక్కటే ఉంటుంది. అంటే మీ నాలుగు గడుల కాగితం కొలిచింది గొంతునే. ఆ కాగితాన్ని పారేయమని నేను అనను. వినడానికి హాయిగా ఉందా లేదా అన్నది కూడా అవసరమే. కాకపోతే దాన్ని బట్టి ఒకరిని ఉంచి ఇంకొకరిని తీసేయకూడదు.

తప్పులన్నీ ఒకటే బరువు కాదు, ఇది కూడా చూడాలి. పొద్దునాయన ఒకచోట సెలైనిటీ "15 శాతం" అన్నాడు. నిపుణుడు చెప్పింది వెయ్యికి 15 వంతులు. పుస్తకం ప్రకారం ఇది పదింతల తప్పు. కానీ మన రైతులు సెలైనిటీని కొలతతో పని లేకుండా వట్టి అంకెతో "పదిహేనుంది" అంటారు. ఎవరికీ అపార్థం కాలేదు. ఇంకోచోట పెద్ద సైజు రొయ్య అనబోయి "పెద్ద కౌంట్ రొయ్య" అన్నాడు. కౌంట్ పెరిగితే కిలోకు ఎక్కువ రొయ్యలు, అంటే చిన్న రొయ్య అని ఇక్కడ పిల్లాడికి కూడా తెలుసు. హాల్లో కొందరు నవ్వుకుని సరిచేసుకున్నారు. టీవీల్లో లైవ్ సబ్‌టైటిళ్లను కొలవడానికి ఎన్‌ఈఆర్ అనే పద్ధతి ఒకటుంది. అందులో చిన్న తప్పుకు పావు, మధ్యస్థానికి అర, పెద్ద తప్పుకు ఒకటి చొప్పున తీసేస్తారు. పెద్ద తప్పు అంటే వాళ్ల లెక్కలో వినడానికి విడ్డూరంగా ఉండేది కాదు. పూర్తిగా అబద్ధమై ఉండి కూడా నమ్మేటట్టు ఉండేది, చూసేవాడు పట్టుకోలేనిది. నాకు ఆ ఆలోచన చాలా నచ్చి నా మార్కుల్లోకి తెచ్చుకున్నాను. "15 శాతం"కి పావు, "పెద్ద కౌంట్"కి పావు. ఎకరాకు ఒకటి, సున్నానికి ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి. తప్పుల సంఖ్య చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, బరువు వేస్తేనే తేడా తెలుస్తుంది.

కష్టమైన పదాల సంగతి ఇక్కడే చెప్పాలి. మీ కమిటీలో ఒకాయన, ఆ అమ్మాయి "క్విక్ లైమ్", "పీసీఆర్", "చెక్ ట్రే" అని ఇంగ్లిష్ వాడిందని, పొద్దునాయన "క్షారత్వం", "లవణీయత" అని చక్కటి తెలుగు మాట్లాడాడని మెచ్చుకున్నారట. అయ్యా, గుంట కాడ ఎవరైనా క్షారత్వం అనగా మీరు విన్నారా? ఆల్కలినిటీ అంటారు. తమ్ముడికి "లవణీయత" అర్థం కావడానికి నా వైపు చూడాల్సి వచ్చింది. దుబాసీ వాడే మాట మంచిదా కాదా అనేది ఎలా తేలుతుందంటే, ఆ కుర్చీలో కూర్చున్నవాడు రేపు షాపులో ఆ మాట చెబితే సరైన వస్తువు చేతికొస్తుందా అని చూడాలి. ఆ లెక్కన "క్విక్ లైమ్, కాల్చిన సున్నం, నీళ్లు పోస్తే ఉడికేది" అని మూడు రకాలుగా చెప్పడం మొత్తం రోజులో అన్నింటికంటే మంచి అనువాదం. ఆ మూడింటిలో ఏదో ఒకటి ప్రతివాడికీ తెలిసి ఉంటుంది.

పదం తెలియకపోతే దుబాసీ కొంచెం పెద్ద మాటలోకి జారుకోవచ్చు, అది తప్పు కాదు. మైక్రోస్పోరిడియన్ అన్న మాట నోటికి రాకపోతే "పరాన్నజీవి" అని సాగిపోతే నేను ఒక్క మార్కూ తీయను. నిజం తగ్గింది కానీ అబద్ధం రాలేదు. "బ్యాక్టీరియా" అన్నప్పుడు అబద్ధం వచ్చింది. అలాగే కాల్చిన సున్నాన్ని "సున్నం" అనడం కూడా పెద్ద మాటలోకి జారుకోవడమే, అయినా ఇక్కడ కుదరదు. ఎందుకంటే రైతు చేయాల్సిన నిర్ణయం ఆ రకం మీదే ఆధారపడింది. ఎక్కడ జారుకోవచ్చో, ఎక్కడ కూడదో తెలిసి ఉండటమే ఈ పనిలో సగం నేర్పు. అది తెలియాలంటే దుబాసీకి రొయ్య గురించి ముందే కొంత తెలియాలి. పొద్దునాయన తన పూటంతా "చెరువు" అనే అన్నాడు. మనకు చెరువంటే పొలాలకు నీళ్లిచ్చేది. రొయ్యలది గుంట. ఆయన మన వైపు మనిషి కాదు, ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఆలస్యం. స్టేజి మీద మీలో ఒకరు "సార్ ఇంగ్లిష్‌లో అనడం, వీరు తెలుగులో అనేయడం, సెకను తేడా లేదు" అని పొగిడారు. తేడా ఎంతో నేను కొలిచాను. రెండు రికార్డింగులనూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి, రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించే మాటలు, అంటే పీసీఆర్, ఈహెచ్‌పీ, అంకెలు, పేర్లు, ఇంగ్లిష్‌లో ఏ క్షణం వచ్చాయో తెలుగులో ఏ క్షణం వచ్చాయో రాసుకుంటూ పోవాలి. ఒక్క మాటను చూసి లెక్క కట్టకూడదు. తెలుగులో మాటల వరస మారుతుంది కాబట్టి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పోతుంది. పది నిమిషాల్లో ఇరవై చోట్ల చూస్తే సగటు తేలుతుంది. పొద్దునాయనది రెండు సెకన్లు. ఆ అమ్మాయిది నాలుగు, నాలుగున్నర.

తక్కువ ఉన్నది మంచిదనిపిస్తుంది. కానీ ఇంగ్లిష్‌లో "వద్దు" అనే మాట వాక్యం మొదట్లో వస్తుంది, తెలుగులో చివరికి వస్తుంది. "గుంట అడుగు పగుళ్లు ఇచ్చేదాకా సున్నం వేయొద్దు" అనే వాక్యం ఇంగ్లిష్‌లో వద్దుతో మొదలై పగుళ్లతో ముగుస్తుంది. తెలుగులో చెప్పేవాడు "వద్దు"ను నోట్లోనే పట్టుకుని, షరతు వినేదాకా ఆగి, షరతు చెప్పి, అప్పుడు వదలాలి. రెండు సెకన్లలో ఇది కుదరదు. రెండు సెకన్లలో సాగాలంటే షరతు ఎగిరిపోవాలి. పొద్దున "పూర్తిగా ఎండాలి" ఎగిరిపోయింది అందుకేనని నా అనుమానం. ఆ పదినిమిషాల్లో ఆయన వదిలేసిన వాటిలో ఎక్కువ భాగం "అయితే", "తప్ప", "దాకా" లాంటి షరతులే. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు నాలుగు సెకన్లు నాకు దోషంగా కనిపించదు.

అలాగని ఆలస్యానికి ఖరీదు లేదా అంటే ఉంది, ఆ అమ్మాయి దాన్ని చెల్లించింది కూడా. నిపుణుడు తెర మీద గ్రాఫ్ చూపించి "ఈ ఎర్ర గీత చూడండి" అన్నప్పుడు, తెలుగులో ఎర్ర గీత వచ్చేసరికి తెర మీద రొయ్య ఫొటో ఉంది. సగటు కంటే నేను ఎక్కువగా చూసేది ఉన్నట్టుండి పెరిగిన చోట్లను. మైక్రోస్పోరిడియన్ దగ్గర ఆమె వివరంగా, అందంగా చెప్పింది. అలా చెబుతుండగా ఆలస్యం తొమ్మిది సెకన్లకు పోయింది. దుబాసీ బుర్ర వినడానికి, గుర్తుంచుకోవడానికి, మాట్లాడటానికి ఒకేసారి పనిచేస్తుంటుంది. ఒకదానికి ఎక్కువ ఖర్చుపెడితే ఇంకోదానికి తగ్గుతుంది. దెబ్బ ఆ కష్టమైన పదం దగ్గర తగలదు, దాని తర్వాతి వాక్యం మీద పడుతుంది. ఆ తర్వాతి వాక్యం ఏమిటంటే, హ్యాచరీలో పీసీఆర్ టెస్టులో ఈహెచ్‌పీ లేదని తేలాకే సీడ్ కొనండి అని. మొత్తం ఎగిరిపోయింది. నా లెక్కలో అది నిండుగా ఒక మార్కు తప్పు.

కానీ తర్వాత ఆమె చేసిన పని చూడండి. "క్షమించాలి, సీడ్ టెస్ట్ గురించి ఒక మాట దాటిపోయింది, ప్రశ్నల్లో అడగండి" అని హెడ్‌ఫోన్లో చెప్పింది. హాల్లో నవ్వులు వినిపించాయి. తమ్ముడు తన నోట్‌బుక్‌లో "సీడ్?" అని రాసుకున్నాడు. ఖాళీ ఉందని తెలిసిన ఖాళీ అది, పూడ్చుకోవచ్చు. పొద్దున ఎగిరిపోయిన పీహెచ్ గురించి ఎవరి నోట్‌బుక్‌లోనూ ప్రశ్నగుర్తు లేదు. చెప్పి వదిలేసిన దానికి నేను సగమే తీస్తాను. మీ కాగితంలో మాత్రం ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది. "మధ్యలో మర్చిపోయానని ఆమే చెప్పింది" అని ఎవరో రాశారట.

పొద్దునాయనను నేను చెడ్డ దుబాసీ అనడం లేదు. మొదటి అరగంట రికార్డింగు వింటే ముచ్చటేసింది. అంకెలు దాదాపు అన్నీ వచ్చాయి. సున్నం వాక్యాలు వచ్చింది 52వ నిమిషంలో. అప్పటికి ఆయన ఒక్కడే ఆపకుండా చెబుతున్నాడు. ఈ పనిలో ఇద్దరు ఉండి అరగంటకొకసారి మారడం ఎక్కడైనా మామూలు. 1998లోనే అచ్చయిన ఇంకో అధ్యయనంలో దుబాసీలను అరగంట దాటాక కూడా కొనసాగించి చూశారు. తప్పులు పెరిగాయి, అవి పెరుగుతున్నాయని మాట్లాడేవాళ్లకే తెలియలేదు. కాబట్టి "సార్, మీరు అలిసిపోయారా?" అని అడిగి ప్రయోజనం లేదు. గడియారం చూసి మార్చాలి. ఇద్దరినీ పూర్తి రోజుకు పిలిచి ఉంటే వంతులు వేసుకునేవాళ్లు. పూటకొకరిని పిలిచింది మీరు. స్లైడ్లు ఆయనకు ఆ రోజు పొద్దున్నే అందాయని ఆయనే నాతో అన్నాడు. 52వ నిమిషం తప్పుల్లో సగం మీ ఖాతాలో వేసుకోవాలి.

వచ్చేసారి కొలవాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. ఇంగ్లిష్, తెలుగు విడివిడిగా రికార్డు చేయమని సౌండ్ సిస్టమ్ అబ్బాయికి ముందే చెప్పండి. మొత్తం వినక్కర్లేదు. మొదట్లో ఒక ఐదు నిమిషాలు, అంకెలూ పదాలూ దట్టంగా ఉన్నచోట ఒక ఐదు, ఒకరి వంతు ముగిసే ముందు ఒక ఐదు చాలు. ఇంగ్లిష్‌లో చెప్పిన విషయాలు ఒకవైపు రాసుకుని, తెలుగులో వచ్చిందీ లేనిదీ మారిందీ ఎదురుగా రాయాలి. జోకులు, "ఇందాక చెప్పినట్టు"లు రాకపోయినా లెక్కలోకి తీసుకోవద్దు. అంత టైమ్ లేకపోతే అంకెలు మాత్రం, కొలతలతో సహా, లెక్కపెట్టండి. అన్నింటికంటే ముందు రాలిపోయేవి అవే. తర్వాత ఇంగ్లిష్ రాని ఒక రైతుకు తెలుగు మాత్రం వినిపించి, "రేపు గుంట కాడ ఏం చేస్తావు?" అని అడగండి. అతను చెప్పేది విన్నారంటే దుబాసీ మాటలు అందాయో లేదో తెలుస్తుంది. ఇది ఒక్కటే సరిపోదు, మా తమ్ముడిని అడిగి ఉంటే "ఎకరాకు ఆరు టన్నులు" అని ధైర్యంగా చెప్పి ఉండేవాడు. రైతు జవాబును ఇంగ్లిష్ రికార్డింగు విన్నవాళ్లు సరిచూడాలి. రెండూ కలిస్తేనే పరీక్ష.

మార్కులు వేసేటప్పుడు మాట్లాడినాయన వేగం కూడా పక్కన రాయండి. నిమిషానికి 100 నుంచి 120 ఇంగ్లిష్ మాటలైతే దుబాసీకి హాయి. మీ నిపుణుడు చివర్లో టైమ్ అయిపోతోందన్న టెన్షన్లో కాగితం చూసి గడగడా చదివేశాడు. అక్కడ జారిన మాటలకు ఎవరినీ తప్పుపట్టలేం.

నా రెండు రికార్డింగులూ, రాసుకున్న పట్టీ మీకు ఇస్తాను, పైసా అడగను. ఆ ఇద్దరు దుబాసీలనూ కూర్చోబెట్టి వినిపించండి, నేనూ వస్తాను. వాళ్లిద్దరూ కలిసి పనిచేస్తే మీకు మంచి జత దొరుకుతుందని నా నమ్మకం. ఆయన గొంతు, అరగంట వంతులు, ఆమె జాగ్రత్త.

అయితే అదంతా తర్వాత. ఈ లేఖ చదివిన వెంటనే చేయాల్సింది ఒకటుంది. మా తమ్ముడి ఆర్డరు మధ్యాహ్నమే ఆపించాను. ఆ అమ్మాయి చెప్పింది విన్నవాళ్లు కొందరు సరిచేసుకుని ఉంటారు. కానీ భోజనాలయ్యాక చాలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పొద్దున విని ఇంటికి పోయినవాళ్ల నంబర్లు మీ రిజిస్టర్లో ఉన్నాయి. వాళ్లందరికీ ఈ నాలుగు ముక్కలు మెసేజ్ పంపండి:

"సదస్సులో సున్నం గురించి పొద్దున చెప్పిన తెలుగులో తప్పు దొర్లింది. ఎకరాకు 6 టన్నులు కాదు, హెక్టారుకు 6 టన్నులు. అంటే ఎకరాకు సుమారు 2.4 టన్నులు. మామూలు సున్నం పొడి కాదు, కాల్చిన సున్నం, క్విక్ లైమ్. గుంట పూర్తిగా ఎండాకే వేయాలి, 10–12 సెంటీమీటర్లు దున్ని కలిపి, ఆ తర్వాత తడపాలి. మట్టి పీహెచ్ 12 దాటిందో లేదో మీటరుతో చూసుకోండి. ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు, దానికి మందు లేదు. పీసీఆర్ టెస్టులో ఈహెచ్‌పీ లేదని తేలాకే సీడ్ కొనండి."

ఇట్లు,
విడవలూరు గుంట రైతు అక్క, దుబాసీ